మూడో జాములో మా ఇంటి పాట

మా ముత్తాత ఏడు పల్లెలకు రెడ్డి. తగవు ఏ పల్లెలో పుట్టినా తీర్పు మా అరుగు మీద జరిగేది. మా తాత ఊరి మునసబు, శివాలయానికి ధర్మకర్త. మా నాయన వచ్చేసరికి మునసబు పదవి లేదు, ధర్మకర్త పదవి కమిటీకి పోయింది, నీళ్లు పడని బోర్లకు పొలం ఒక్కో చెక్కా పోయింది. ఆయనకు మిగిలింది ఒక్క హక్కు. శివరాత్రి జాగరణకు భజన పాటల క్రమం వేసేది మా ఇల్లే. కొడుకుల్లేరు కాబట్టి ఆ పని ఆయన నాకు నేర్పాడు. ఆయన పోయిన ఏడు నుంచి క్రమం నేనే వేస్తున్నాను. ఆడమనిషి క్రమం వేయడమేమిటని మొదట్లో గుసగుసలు పోయారు. నేను వినిపించుకోలేదు. మా ఇంట్లో గుసగుసలకు జవాబు చెప్పే అలవాటు లేదు.

క్రమం వేయడమంటే పాటల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసుకోవడం అనుకుంటారు చాలామంది. మా నాయన ఒక్క పేరూ రాసుకోలేదు. అరుగు మీద చెనక్కాయలు పోసుకొని కూర్చునేవాడు. నిండు కాయ అంటే పల్లవి, చరణాలు ఉన్న పెద్ద కీర్తన. ఒలిచిన గింజ అంటే గబగబా సాగే చిన్న నామావళి. వట్టి డొప్ప అంటే తాళం లేని పద్యం. నాలుగు జాములకు నాలుగు వరుసలు పేర్చి, దూరం నుంచి చూసి, ఒక గింజను ఇటు జరిపి, ఒక డొప్పను అటు జరిపి, రాత్రి మొత్తాన్ని కళ్లతో వినేవాడు.

"రెండు గింజలు పక్కపక్కనే పెట్టినావంటే జనం ఊగుతారు. నాలుగు పెట్టినావంటే మద్దెల ఆయప్ప చేతులు పడిపోతాయి. నడాన ఒక డొప్ప ఎయ్యల్ల. పద్యం ఒకరు పాడతాంటే ఆయప్ప చేతులు దులుపుకుంటాడు, మద్దెల శ్రుతి చేసుకుంటాడు, జనం ఊపిరి పీల్చుకుంటారు," అనేవాడు.

మొదటి జాములో బరువైన పాట పెట్టకూడదు. అప్పుడు గుడికి వచ్చేవాళ్లు వస్తుంటారు, చెప్పులు వెతుక్కునేవాళ్లు వెతుక్కుంటుంటారు, పిల్లలు ఏడుస్తుంటారు. వినాయకుడి పాట హంసధ్వనిలో, తర్వాత గురువు, సరస్వతి, ఊరమ్మ. అన్నీ అందరికీ నోటికి వచ్చిన పాటలే. ముందు ఒకరు చరణం అంటే వెనక అందరూ అదే అందుకోవడం సులువుగా ఉండాలి. గొంతులు ఇంకా తెల్లారేదాకా పనికి రావాలి కాబట్టి ఆ జాములో ఎవరినీ పైస్థాయికి పోనివ్వకూడదు.

రెండో జాములో ఎక్కడం మొదలవుతుంది. కల్యాణిలో నిదానంగా ఒకటి, మోహనలో కొంచెం నడకగా ఒకటి, ఆ తర్వాత నామావళులు. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటుంది. మామూలుగా ప్రతి పాట చివరా 'హర హర మహాదేవ' అని జయకారం కొడతారు. జయకారం కొట్టగానే కూడిన వేడి అంతా ఆ కేకతో బయటికి పోతుంది. అందుకని ఎక్కే పాటల మధ్య జయకారం లేకుండా కుట్టేస్తాం. ఒక పాట ఆఖరి మాట తాళంలో ఎక్కడ పడుతుందో, అక్కడే రెండో పాట ఎత్తుకోవాలి. హార్మోనియం ఆగదు, మద్దెల ఆగదు. అట్లా పోయి పోయి, నడిరాత్రి లింగోద్భవ వేళకు శంఖం, గంట, డోలు, జనం నోరు అన్నీ కలిసి ఒక్క జయకారం. ఆ రాత్రికంతటికీ అదే శిఖరం. మా క్రమంలో అంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు.

తప్పంతా మూడో జాములో ఉండేది.

శివరాత్రికి ఇంకా వారం ఉందనగా గుడి కమిటీ పెద్ద మా ఇంటికి వచ్చాడు. బోర్లు వేసే లారీలు నడిపి పైకి వచ్చిన మనిషి. వరసకు తమ్ముడవుతాడు. మంచివాడే, మాటలో మాత్రం అతుకులుండవు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అక్కా, ఒక మాట చెప్పల్ల. కోపం చేసుకోవద్దు."

"మాట విన్నాక చూద్దాం."

"నడిరాత్రి అభిషేకం అయినంక గుడిలో ఎంతమంది మిగుల్తాండారో చూసినావా? పోయిన శివరాత్రి మద్దెల ఆయప్ప, హార్మోనియం ఆయప్ప, నువ్వు, పూజారి. ఇంకొకడు ఉన్న్యాడు గానీ వాడు నిద్రపోతాండాడు."

"ఇప్పుడు ఏమంటావు?"

"అనంతపురంలో ఒక పాటల ట్రూపు ఉండాది. కీబోర్డు, ప్యాడ్లు, సినిమా పాటల వరసల్లో దేవుని పాటలు. మూడో జాము, నాలుగో జాము వాళ్లకిస్తాం. మొదటి రెండు జాములూ నీవే. పెద్దరికం నీదే."

సగం రాత్రి పెద్దరికం. మా ముత్తాత ఏడు పల్లెల్లో మూడున్నరకు రెడ్డి అన్నట్టుంది ఆ మాట. నేను లేచి నిలబడ్డాను.

"ఈ ఏడు రాత్రి మొత్తం నేనే వేస్తాను. మూడో జాములో జనం లేచిపోతే, వచ్చే ఏటి నుంచి సగం కాదు, మొత్తం వాళ్లకే ఇచ్చేయండి. నేను గుడి గడపలో కూర్చొని వింటాను."

ఆయన నా మొహం చూశాడు. "పందెమా అక్కా?"

"మా ఇంట్లో పందేలు కాయరు. చెప్తారు."

ఆయన నవ్వి, చెప్పులు వేసుకొని, మళ్లీ వెనక్కి తిరిగాడు. "వాళ్లతో ఫోన్లో మాట్లాడి పెట్టినాలే. రద్దు చేయను. వచ్చే ఏటికి పనికొస్తుంది." పోతూ పోతూ కూడా గెలిచిపోదామని చూసే రకం.

ఆ సాయంత్రం అరుగు మీద చెనక్కాయలు పోసుకొని కూర్చున్నాను. మొదటి రెండు వరుసలు ముట్టుకోలేదు. మూడో వరుసలో మొట్టమొదటి కాయ మా ఇంటి పాట.

ఆ పాట మా ముత్తాత కట్టాడు. వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో కట్టాడని చెప్తారు. 'నెర్రెలిచ్చిన నేల నీ పేరె పలికేను' అని పల్లవి. ఆనందభైరవిలో, చౌకకాలంలో, అంటే ఎద్దులబండి ఇసుకలో పోతున్నంత నిదానంగా సాగుతుంది. ఆరు చరణాలు. ఆరోదానిలో కట్టినవారి ఇంటి గుర్తు ఉంటుంది. లింగోద్భవ జయకారం అయిపోగానే, అభిషేకం తీర్థం పంచుతుండగా, ఆ పాట ఎత్తుకోవాలని ఆయనే పెట్టాడు. రాత్రి శిఖరానికి పక్కనే మా ఇంటి కుర్చీ అన్నమాట. మూడు తరాలుగా ఆ కాయ అక్కడి నుంచి కదలలేదు.

ఆ కాయను కదల్చకుండా చేయగలిగిందంతా చేశాను. పాట వేగం కొంచెం పెంచి చూశాను. ఆరు చరణాలను మూడు చేసి చూశాను. శ్రుతి ఒక మెట్టు పెంచితే మెలకువ వస్తుందేమో అనుకున్నాను. వెనక వెంటనే రెండు గింజలు పెట్టాను. మనసులో పాడుకుంటే ప్రతిసారీ అదే చోట రాత్రి కూలబడుతోంది. శిఖరం ఎక్కిన మనిషిని అక్కడి నుంచి ఒక్కసారిగా బావిలోకి దించినట్టు. పొద్దుటి నుంచి ఉపవాసమున్న ఒళ్లు, చల్లని రాతి నేల, కడుపులో తీర్థం తప్ప ఏమీ లేదు. అప్పుడు ఇసుకలో బండి లాంటి పాట వినిపిస్తే ఎవరైనా ఇంటి దుప్పటినే తలుచుకుంటారు.

అయితే మా తాత కాలంలో ఎవరూ ఎందుకు లేచిపోలేదు? అప్పుడూ అదే ఒళ్లు, అదే నేల. మా తాత కూర్చునే చోటు గుర్తొచ్చింది. గుడి లోపల కాదు. బయటి వాకిలి పక్కన, మంచం మీద. లేచినవాడు ఎవడైనా ఆయన ముందు నుంచే పోవాలి. మునసబు చూస్తుండగా మునసబు ఇంటి పాట మధ్యలో లేచిపోయే ధైర్యం ఎవరికుంటుంది? జనం పాట విని కూర్చోలేదు. వాకిట్లో మంచాన్ని చూసి కూర్చున్నారు. మంచం పోయింది, జనం పోయారు. పాట మాత్రం తనను కాపలా కాసే మనిషి ఇంకా ఉన్నాడనుకొని అదే చోట ఉండిపోయింది.

ఇది తెలిశాక నాకు సిగ్గు వేయలేదు. పౌరుషం వచ్చింది. మా ముత్తాత కట్టిన పాటకు కాపలా ఎందుకు? అది మంచి పాట. చోటు సరైనదైతే దానంతటదే నిలబడుతుంది. కాయను తీసి నాలుగో వరుసలోకి జరిపాను. మూడో వరుసలో మిగిలినవి కూడా తీసేశాను. ఇప్పుడు దాన్ని కొత్తగా పేర్చాలి.

మరుసటి రోజు మద్దెల ఆయన్ని పిలిపించాను. ధర్మవరం చీరలు నేసే ఇంటి మనిషి, మా నాయన కాలం నుంచి మా క్రమానికి వాయిస్తున్నాడు. అరుగు మీద వరుసలు చూసి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా, పెద్దాయప్ప పాట జాగా మార్చినారే?"

"మార్చాను."

"ఊరు ఊరుకోదు."

"ఊరు దుప్పట్లు సర్దుకొని పోతోంది గదా, ఊరుకోకపోతే మంచిదే."

ఆయనకు నవ్వొచ్చింది గానీ మా ముందు నవ్వే అలవాటు లేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. "ఇంకొకటి చెప్తా, తిట్టొద్దు. ఊర్లో ఆడోళ్లు ఆ పాటకు పేరు పెట్టినారు."

"ఏమని?"

"ఇంటిపాట అని."

"మా ఇంటి పాటే గదా."

"మీ ఇంటిది కాదమ్మా. ఇండ్లకు పోయే పాట. రెడ్డోళ్ల పాట ఎత్తుకున్న్యారు, ఇంక లేయండి, పిల్లోళ్లను ఎత్తుకోండి, అనుకుంటారు."

చెనక్కాయలు ఒలుస్తున్న నా చేయి ఆగలేదు. ఆగనివ్వలేదు. "సరే," అన్నాను. "అయితే ఈసారి ఇండ్లకు పోవడానికి వాళ్లు చానాసేపు కాచుకోవాల్సి ఉంటుంది."

శివరాత్రి నాడు మొదటి రెండు జాములు అనుకున్నట్టే నడిచాయి. గుడి మండపం నిండింది. కమిటీ పెద్ద మైకు పక్కన కుర్చీ వేసుకొని, నా వైపు అప్పుడప్పుడు చూస్తూ కూర్చున్నాడు. లింగోద్భవ జయకారానికి మండపం రాళ్లు అదిరాయి. శంఖం ఆగింది. పూజారి తీర్థం పంచడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు పరుచుకున్న దుప్పట్ల కొసలు పట్టుకోవడం నాకు కనిపించింది. నిద్రపోయిన పిల్లలను భుజాన వేసుకుంటున్నారు. అందరూ మా పాట కోసం చెవులు రిక్కించారు, పోవడానికి.

నేను పాట ఎత్తుకోలేదు. పద్యం ఎత్తుకున్నాను.

శిఖరం మీది నుంచి దించడానికి తాళం పనికిరాదని ఆ వారంలో నాకు తెలిసింది. తాళం ఉంటే జనం దాన్ని కొలుస్తారు, ఇంతకు ముందు దానికంటే నిదానమైందని ఒళ్లు కనిపెడుతుంది. తాళం లేని పద్యాన్ని కొలవడానికి ఏమీ ఉండదు. ఒక్క గొంతు, కింద హార్మోనియం సన్నగా. శంకరాభరణంలో మెల్లగా పాడాను. కేకలతో అలిసిన చెవులు సర్దుకున్నాయి. దుప్పటి కొసలు పట్టుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి.

పద్యం చివరి మాట మీద మద్దెల మెల్లగా చేరింది. వెంటనే గంగ, గౌరి సవతి పోరు పాట మొదలుపెట్టించాను. అది భజనలో మాటకు మాట. గౌరి పక్షం ఆడవాళ్లు, గంగ పక్షం మగవాళ్లు. శివుడి తల మీద ఎక్కి కూర్చున్నావే అని గౌరి అడిగితే, నువ్వు సగం ఒళ్లు కాజేయలేదా అని గంగ అంటుంది. నిద్రమత్తులో ఉన్న మనిషికి ఎంత గొప్ప రాగమైనా జోలపాటే, నవ్వు వస్తే మాత్రం నిద్ర ఎగిరిపోతుంది. మగవాళ్ల గొంతులు బొంగురుపోయి గంగ పాత్ర మరీ బాగా రక్తి కట్టింది.

"ఏమప్పా, గంగమ్మకు జలుబు చేసినట్టుండాదే!" అని ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె అరిచింది.

"నెత్తిమీద ఇరవై నాలుగ్గంటలూ నీళ్లలో ఉంటే జలుబు చేయదా?" అని మగవాళ్ల వైపు నుంచి జవాబు వచ్చింది. మండపమంతా నవ్వింది. భుజాన వేసుకున్న పిల్లలను మళ్లీ కింద పడుకోబెట్టారు.

కమిటీ పెద్ద వంగి నా చెవి దగ్గరికి వచ్చాడు. "అక్కా, మీ ఇంటిపాట ఎప్పుడు?"

"ఎందుకు, పోవల్లనా?"

"నాకు కాదు. ఎనక ఉండేటోళ్లు అడుగుతాండారు."

"వచ్చేటప్పుడు వస్తుంది. కూర్చోమని చెప్పు."

సవతి పోరు తీరాక చెక్క భజన వాళ్లను లేపాను. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. వాళ్లను రెండో జాములోనే ఆడించాలని అందరూ అంటారు, అప్పుడు జనం ఎక్కువ కాబట్టి. నేను వాళ్లను దాచుకున్నాను. రాత్రి అడుగున, ఒళ్లు మొద్దుబారిన చోట కావలసింది వినే పాట కాదు, చూసే పాట. మొదట నిదానపు అడుగు, తర్వాత రెట్టింపు, తర్వాత తిప్పుళ్లు. దుమ్ము లేచింది. చూస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు పంచెలు ఎగగట్టి వలయంలో కలిశారు.

కష్టమంతా అక్కడ ఉంది. చెక్క భజన వేగం ఒకసారి ఎక్కితే తనంతట ఆగదు, తెగుతుంది. తెగినప్పుడు అందరూ కలిసి జయకారం కొడతారు. ఆ కేకతో రాత్రి అయిపోయినట్టు అనిపిస్తుంది, జనం లేస్తారు. జయకారం రాకముందే నేను వాళ్లను పట్టుకోవాలి. చెక్క భజన గురువు చెక్కలు పైకెత్తి ఆఖరి తిప్పుడుకు సైగ చేయడం చూశాను. మద్దెల ఆయన నా వైపు చూశాడు. నేను రెండు వేళ్లు చూపి ఒక వేలు మడిచాను. రెండు దెబ్బలు ఒకటి కావాలి. వాళ్ల రెండు అడుగులు నా పాటలో ఒక్క అడుగు. అట్లా అయితే వేగం సగమవుతుంది గానీ నడక తెగదు. హార్మోనియం ఆయనకు మధ్యమం చూపించాను. మగవాళ్ల శ్రుతిలోని 'మ'ను నా 'స' చేసుకుంటే పెట్టె మార్చకుండానే నా గొంతుకూ ఆడవాళ్ల గొంతుకూ సుఖంగా ఉంటుంది.

ఆఖరి తిప్పుడు ముగిసే దెబ్బ మీద, వాళ్లు నోరు తెరిచే లోపల, మా ముత్తాత పాట ఎత్తుకున్నాను.

గజ్జెలు ఒక్కసారిగా నిలిచిపోలేదు. రొప్పుతూ నిలబడ్డవాళ్ల కాళ్లు సగం వేగానికి దిగి, అడుగు తర్వాత అడుగుగా కొంచెంసేపు కదిలి, ఒకరొకరే కింద కూర్చున్నారు. అదే ఆనందభైరవి, అదే ఇసుకలో బండి నడక. కానీ ఇప్పుడు వాళ్లకు కావలసింది అదే. ఆడి ఆడి వచ్చిన ఒంటికి ఆ నిదానం నీళ్లు తాగినట్టుంది. పల్లవి రెండోసారి అనేసరికి వెనక నుంచి అందుకున్నారు. నా చిన్నప్పటి నుంచి ఆ పాటకు వంత పాడింది మా ఇంటివాళ్లు, మా జీతగాళ్లు. ఆ రాత్రి మండపం పాడింది. మూడో చరణంలో వానలేని చెరువును వర్ణించే చోట ఒక ముసలామె చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లేచి పోవాలనుకున్నవాళ్లకు పాట గుర్తులేదని కాదు. గుర్తుంది. ఒక్కరూ లేవలేదు.

ఆరో చరణం దగ్గర, మా ఇంటి గుర్తు ఉన్నచోట, నేను గొంతు తగ్గించలేదు. పెంచనూ లేదు. మిగతా చరణాలు పాడినట్టే పాడాను. మా తాత మంచం ముందు కూడా ఆ మాట ఇంతమంది నోట పలికి ఉండదు.

ఆ తర్వాత దారి సులువే. రెండు తత్వాలు, నాలుగో అభిషేకం, తూర్పు తెల్లబడుతుంటే భూపాలంలో మేలుకొలుపు, చివర మధ్యమావతిలో మంగళం. రాత్రంతా దాచిపెట్టిన జయకారాలన్నీ మంగళం చివర కొట్టుకోమన్నాను. కొట్టారు.

హారతి కళ్లకు అద్దుకొని కమిటీ పెద్ద నా దగ్గరికి వచ్చాడు. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆ ట్రూపు వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్తా."

"చెప్పు."

"వచ్చే ఏడు కూడా నాలుగు జాములూ నీవే."

"అది నువ్వు ఇచ్చేది కాదు."

"అట్లనే అనుకో, తల్లీ," అని దండం పెట్టాడు. అందులో ఎగతాళి సగం ఉంది, మర్యాద సగం ఉంది. నేను మర్యాద సగం తీసుకున్నాను.

మద్దెల ఆయన మద్దెలకు గుడ్డ చుడుతూ మెల్లగా అడిగాడు. "అమ్మా, ముందు కాలంలో క్రమం వేసిన ఇంటివాళ్లే జాగరణ ఉన్నోళ్లకు పొద్దున్నే పారణ అన్నం పెడతా ఉన్న్యారు. మీ తాత పోయినంక కమిటీ పెడతాండాది. ఈసారి ఎవురు?"

కమిటీ పెద్ద నోరు తెరిచే లోపల నేను చెప్పాను. "క్రమం ఎవరిదో అన్నం వాళ్లదే. అందరినీ మా వాకిటికి రమ్మను. ఇకపై ప్రతి ఏడూ మా వాకిటికే."

ఉపవాసం విడవడానికి ఊరు మా వాకిట్లో బంతులు తీరింది. కమిటీ గుడి దగ్గర దించిన సరుకులను బాకీ రాయించుకొని మా వంటింటికి తెప్పించాను. ఎర్రకారం పప్పు, చిత్రాన్నం, పరమాన్నం. మిగిలిపోయిన వాళ్లు, పక్క పల్లెల వాళ్లు మధ్యాహ్నం దాకా వస్తూనే ఉన్నారు. ఎవరినీ వెనక్కి పంపలేదు.

ఉగాది దాటాక, ఆ బాకీకీ వచ్చే ఏటి పారణకూ, బోర్లకు పోగా రోడ్డు పక్కన మిగిలిన మా చింతతోపును ధర్మవరం పట్టుచీరల వ్యాపారికి అమ్మాను.